ఒకే బిందె నీళ్లు, మూడు జవాబులు

(నల్లగొండలో నర్సింగ్, ఏఎన్ఎం విద్యార్థులకు సామాజిక ఆరోగ్యం అధ్యాపకురాలు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పుస్తకాలు కాసేపు మూసేయండి. ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి. పిల్లల పళ్ల మీద గార చారలు ఉన్న ఒక ఊరికి ఫ్లోరైడ్ తీసేసిన నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇది ప్రైమరీ నివారణా, సెకండరీయా, టెర్షియరీయా?

ప్రైమరీ అని చాలా చేతులు లేచాయి. వెనక వరసలో ముగ్గురు టెర్షియరీ అంటున్నారు. ఎందుకమ్మా? "పళ్లు అప్పటికే పాడైపోయాయి కదా మేడమ్" అంటోంది ఆ అమ్మాయి. మంచి మాట. నేను ఈరోజు మాట్లాడాలనుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. పరీక్షలో ఈ ప్రశ్న ఇంతే వస్తే జవాబు ప్రైమరీయే. అయినా ఆ అమ్మాయికి వచ్చిన అనుమానం తప్పు కాదు. ఎందుకు కాదో చెప్పడానికే వచ్చాను.

మీరందరూ బట్టీ పట్టిన వరస నాకు తెలుసు. టీకా అంటే ప్రైమరీ, స్క్రీనింగ్ అంటే సెకండరీ, రిహాబిలిటేషన్ అంటే టెర్షియరీ. నేను చదువుకున్నప్పుడూ అలాగే రాసుకున్నాను. చాలా ప్రశ్నలకు ఆ వరస సరిపోతుంది. కానీ ప్రశ్నలో ఒక మనిషి కనిపించగానే, ఆ మనిషి వయసో, ఎక్స్‌రేలో కనిపించిన మార్పో, కుక్క కరిచిన రోజో ఇవ్వగానే, పిల్లలు తడబడతారు. స్థాయి ఆ పనికి అంటించిన చీటీ అనుకోవడమే దీనికి కారణం. రోగం ఆ మనిషిలో ఎంతవరకు వచ్చిందన్నదే స్థాయిని చెబుతుంది. 1950లలో ఈ పద్ధతిని పేర్చిన లీవెల్, క్లార్క్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు కూడా రోగం నడిచే దారిని ముందు గీసి, ఆ దారి మీద మనం ఎక్కడ అడ్డుపడుతున్నామో చూపించారు. రోగం ఒంట్లో ఇంకా మొదలు కాకముందు అడ్డుపడితే ప్రైమరీ. మొదలైంది కానీ పెద్ద నష్టం జరగలేదంటే సెకండరీ. నష్టం జరిగిపోయాక అది పెరగకుండా ఆపినా, మిగిలిన శక్తితో మనిషి బతుకు నడిచేలా చేసినా టెర్షియరీ.

మన జిల్లా ఫ్లోరోసిస్‌కి పేరుపడింది. అందుకే దూరం పోకుండా, ఇక్కడి ఒక ఇల్లు చెబుతాను. మునుగోడు వైపు ఊరు. పేర్లు వద్దు. పదిహేనేళ్లకు పైనే అయింది, కృష్ణా నీళ్లు ఇంకా ఇంటింటికీ రాలేదు. నేను విద్యార్థులను తీసుకుని సర్వేకి వెళ్లాను. ఆ ఇంట్లో నలుగురిని చూశాం. అరవై దాటిన అవ్వ, ముప్పై ఎనిమిదేళ్ల కొడుకు, తొమ్మిదేళ్ల మనవరాలు, రెండేళ్ల మనవడు. కోడలు కూలికి పోయింది. ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన వచ్చింది. మన దేశ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు. వేరే నీళ్లే దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అంటే ఆ ఇల్లు ఏళ్ల తరబడి, ఒప్పుకునే హద్దుకి రెండున్నర రెట్లకు మించి తాగుతోంది. ఆ నీళ్లు చూడ్డానికి తేటగా ఉంటాయి. రుచిలో తేడా ఉండదు, వాసన ఉండదు. పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

ఇప్పుడు ఆ నలుగురికీ ఒకేరోజు మంచినీళ్లు అందాయనుకోండి. ఒక్కొక్కరి దగ్గరా ఆగి చూద్దాం.

రెండేళ్ల పిల్లాడి ముందు శాశ్వత పళ్లు ఇంకా చిగురు కిందే ఉన్నాయి. వాటి పింగాణీ పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్ల వయసు వరకు గట్టిపడుతూ ఉంటుంది. ఫ్లోరైడ్ పంటిని పాడు చేసేది ఆ గడువులోనే. పింగాణీ పూర్తిగా ఏర్పడ్డాక ఎంత ఫ్లోరైడ్ తాగినా కొత్తగా పళ్ల ఫ్లోరోసిస్ రాదు. కాబట్టి ఆ పిల్లాడికి ఈరోజు మంచినీళ్లు ఇవ్వడం ప్రైమరీ నివారణ. అందులోనూ ప్రత్యేక రక్షణ అనే భాగం, అంటే ఒక్క రోగానికి గురిపెట్టి అడ్డుపడటం. టీకా చేసే పని ఇదే. ఇది నీళ్ల రూపంలో ఉందంతే.

తండ్రికి నడుం నొప్పి, మెడ పట్టేయడం ఉన్నాయి. పనికి పోతున్నాడు, బరువులు మోస్తున్నాడు. అడిగితే "పని ఎక్కువై నొప్పులు" అన్నాడు. ఊళ్లో ఏ పరికరమూ లేకుండా చేసే పరీక్షలు మూడున్నాయి. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్లను తీయాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి. చేతులు పక్కకు చాచి, మోచేతులు మడిచి, తల వెనక భాగాన్ని తాకాలి. వెన్నెముక, మెడ, భుజాల కీళ్లు బిగుసుకుంటున్నాయేమో ఈ మూడింటితో తెలుస్తుంది. ఆయన బిళ్ల తీశాడు కానీ రెండోసారికి మోకాలు వంగింది. గడ్డం ఛాతీకి రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. జిల్లా కేంద్రానికి పంపి మూత్రం పరీక్ష, ముంజేతి ఎక్స్‌రే చేయించాం. మూత్రంలో ఫ్లోరైడ్ మామూలుగా లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. ఆయనకు 5 దగ్గర ఉంది. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పలచని పొర సున్నం పేరుకుని అక్కడక్కడ తెల్లగా కనిపించడం మొదలైంది. ఎముక ఫ్లోరోసిస్ అని పట్టిచ్చే గుర్తు అది.

అంటే రోగం మొదలైంది, మనిషి ఇంకా కుంగిపోలేదు. ఆయనకు ఆ మూడు పరీక్షలూ చేసి పట్టుకోవడం స్క్రీనింగ్. తర్వాత నీళ్లు మార్చి, పాలు, ఆకుకూరలు, జామ, ఉసిరి లాంటి వాటితో కాల్షియం, సి విటమిన్ అందేలా చూడటం చికిత్స. ముందుగా గుర్తించి వెంటనే చికిత్స చేయడం, అదే సెకండరీ. చూడండి, కొడుక్కి ప్రైమరీ అయిన నీళ్లే తండ్రికి సెకండరీ అయ్యాయి. ఇద్దరూ ఒకే బిందె లోంచి ముంచుకుంటున్నారు.

అవ్వ మంచం మీదే ఉంది. వెన్ను వంగి అలాగే బిగుసుకుపోయింది. పక్కకు తిరగాలంటే ఒళ్లంతా తిప్పాలి. "నాకింకేం నీళ్లు బిడ్డా, ఈ నడుమైతే లేవదు గదా" అంది. ఆమె చెప్పింది ఒకరకంగా నిజమే. వెన్నెముక చుట్టూ సున్నంలా గట్టిపడిన, ఎముకలను కలిపి ఉంచే బంధనాలు నీళ్లు మారిస్తే కరగవు. కానీ బోరు నీళ్లు అలాగే తాగుతూ ఉంటే ఎముక ఇంకా పెరిగి, వెన్నుపాముని నొక్కి, కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. అక్కడిదాకా పోకుండా ఆపడాన్ని అంగవైకల్యాన్ని పరిమితం చేయడం అంటారు. అది టెర్షియరీలో మొదటి సగం. కాబట్టి అవ్వ తాగే నీళ్లు టెర్షియరీ.

తొమ్మిదేళ్ల అమ్మాయి సంగతి చివర చెబుతాను. వెనక వరసలో అమ్మాయి అడిగింది ఆమె గురించే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మీ పరీక్షలో "ఫ్లోరైడ్ తీసిన నీటి సరఫరా" అని మాత్రమే ఉంటే, మనిషి గురించి ఏమీ లేకుంటే, ప్రైమరీ అని రాయండి. నీటి పథకం ఊరికోసం, ముఖ్యంగా రాబోయే రోగాన్ని ఆపడం కోసం. ప్రశ్నలో రోగి కనిపించినప్పుడే ఆ రోగి ఎక్కడున్నాడో చూడాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మామూలు ప్రశ్నలో లేని రోగిని ఊహించుకుంటారు, రోగి ఉన్న ప్రశ్నలో ఆయన్ని వదిలేస్తారు.

ఆ ఇంటి కథ అక్కడితో అయిపోలేదు. నివారణ ఎలా విఫలమవుతుందో, విఫలమైందని ఎలా తెలుస్తుందో కూడా ఆ ఇల్లే నేర్పింది. మేం చెప్పాక వాళ్లు తాగడానికి శుద్ధి చేసిన నీళ్ల క్యాన్ కొనడం మొదలుపెట్టారు. మూడు నెలల తర్వాత తండ్రి మూత్రం మళ్లీ పరీక్ష చేస్తే పెద్దగా తగ్గలేదు, 4కి కాస్త కింద. నాకు అర్థం కాలేదు. ఇంట్లో కూర్చుని పొద్దుటి నుంచి రాత్రిదాకా ఏ పనికి ఏ నీళ్లు వాడుతున్నారో అడిగాను. తాగేది క్యాన్ నీళ్లు. అన్నం, పప్పు, చారు మాత్రం బోరు నీళ్లతో. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు ఆ నీళ్లన్నీ పీల్చుకుంటాయి, ఫ్లోరైడ్ కూడా దాంతోపాటే అన్నంలోకి, పప్పులోకి చేరుతుంది. పైగా ఆయన పొలంలో పని చేసినంతసేపూ పొలం బోరు దగ్గర దోసిలి పట్టేవాడు. ఎండాకాలంలో రోజులో సగం నీళ్లు అక్కడే తాగేవాడు. కోడలు ఇంకో మాట చెప్పింది, "పిల్లగానికి మాత్రం బోరు నీళ్లే కాచి చల్లార్చి పోస్తున్న." నాకు గుండె జారింది. నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీళ్లు కొంత ఆవిరైపోయి, మిగిలిన దాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. తల్లి ప్రేమతో చేసిన పని పిల్లాడికి ఎక్కువ ఫ్లోరైడ్ ఇచ్చింది. ఈ తప్పుకి ఆమెని అనడానికి లేదు. కాచిన నీళ్లే మంచివని ఆమెకి చెప్పింది మనలాంటి వాళ్లమే. కలరా గురించి చెప్పిన మాటని ఫ్లోరైడ్‌కి వర్తించదని విడిగా చెప్పలేదు.

వంటకు కూడా మంచినీళ్లే వాడి, పొలానికి బాటిల్ తీసుకెళ్లడం మొదలైన ఆరు నెలలకు మూత్రంలో ఫ్లోరైడ్ 2 కంటే తగ్గింది. నొప్పులు కొంత తగ్గాయి. మెడ మాత్రం అంతే ఉంది. సెకండరీ నివారణకు ఉన్న హద్దు ఇది. రోగాన్ని ఉన్నచోట నిలపగలదు, కొంత వెనక్కి తేగలదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ బయటికి పోవడానికి ఏళ్లు పడుతుంది. గట్టిపడిన పొర మళ్లీ మెత్తబడదు.

నల్లగొండ పేరు మీదే ఒక నీటి శుద్ధి పద్ధతి ఉంది, మీ పుస్తకాల్లో ఉంటుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, నెమ్మదిగా కలియబెట్టి, గంటసేపు కదిలించకుండా ఉంచితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుగుకి దిగుతుంది. పైన తేట నీళ్లు తీసుకుంటారు. అడుగు మడ్డి కదిలితే చేసిందంతా వృథా. అందుకే ఇంట్లో వాడే బకెట్‌కి కుళాయి అడుగున కాకుండా కొన్ని సెంటీమీటర్ల పైన పెడతారు. పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్‌ని, క్షారాన్ని బట్టి మారుతుంది. ఒక ఊరి కొలత ఇంకో ఊరికి పనికిరాదు. ప్రతి ఇంట్లో ప్రతిరోజూ ఇంత పని ఎవరు చేస్తారు? ఎక్కువ ఇళ్లలో ఆ బకెట్లు కొన్నాళ్లకే మూలన పడటం నేను చూశాను. ఇంటింటికీ కుళాయిలో కృష్ణా నీళ్లు రావడం వేరే సంగతి. అక్కడ మనిషి రోజూ గుర్తుపెట్టుకుని చేయాల్సింది ఏమీ లేదు. మిషన్ భగీరథకు 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసినప్పుడు మా పాత విద్యార్థులు కొందరు నాకు ఫోన్ చేసి ఏడ్చారు. ఎందుకేడ్చారో ఈ జిల్లాలో పుట్టిన వాళ్లకి చెప్పక్కర్లేదు. అయితే పొలం బోరు ఇంకా పొలంలోనే ఉంది. మీరు రేపు ఉద్యోగంలో చేరి ఇంటికెళ్లినప్పుడు "కుళాయి ఉందా" అని అడిగి ఊరుకోకండి. "పొలంలో ఏం తాగుతావు, అన్నం దేంతో వండుతావు" అని అడగండి.

ఇప్పుడు స్క్రీనింగ్ దగ్గరికి వద్దాం. స్క్రీనింగ్ అనే మాట వినగానే సెకండరీ అని రాస్తారు. ముప్పై దాటిన వాళ్లకు బీపీ, షుగర్ చూడటం, గర్భాశయ ముఖానికి వెనిగర్ లాంటి ఆమ్లం రాసి తెల్లమచ్చ వస్తుందా అని చూడటం, ఇవన్నీ సెకండరీయే. కానీ పాఠశాలలో పిల్లల పళ్లు చూసే సర్వే గురించి ఆలోచించండి. ఎనిమిదేళ్ల పిల్లాడి ముందు పళ్లలో గార చార కనిపించింది. ఆ చార ఈ ఏడు పడింది కాదు. వాడు పసివాడుగా ఉన్నప్పుడు, పింగాణీ ఏర్పడుతున్న రోజుల్లో తాగిన నీళ్ల రాత అది. ఆ పిల్లాడికి మీరు ముందుగా పట్టుకున్నదేమీ లేదు, పంటి నష్టం అప్పటికే పూర్తయింది. అలాగని ఆ సర్వే వృథా కాదు. ఆ ఊళ్లో బోరు ఏదో చెడ్డదని అది చెబుతుంది. ఆ బోరుకి ఎర్ర రంగు వేసి తాగొద్దని రాస్తే, ఆ పిల్లాడి చెల్లెలికి పళ్లు బాగుంటాయి. చూసింది అన్న పళ్లు, ఫలితం చెల్లెలికి. చెల్లెలికి అది ప్రైమరీ.

రక్తనిధిలో జరిగేది కూడా ఇలాంటిదే. దానం చేసిన రక్తాన్ని ఎయిడ్స్, కామెర్ల వైరస్‌లు, సిఫిలిస్, మలేరియా కోసం పరీక్షించాకే ఎక్కిస్తారు. అది కూడా స్క్రీనింగే. కానీ ఆ రక్తం ఎక్కించుకునే మనిషికి రోగం రాకుండా ఆపడం కోసం చేస్తున్నాం. కాబట్టి ఎక్కించుకునే వాళ్లకి అది ప్రైమరీ. ప్రశ్నలో "ఎవరి కోసం" అన్నది వెతకండి.

టీకా దగ్గర ఇంత గొడవ లేదు. టీకా ప్రైమరీ. ఒక్కచోటే అందరూ పడతారు, అది కుక్కకాటు. ఒకసారి ఒక పరీక్ష కీలో కుక్క కరిచాక వేసే రేబిస్ టీకాను సెకండరీ అని ఇచ్చారు. మా విద్యార్థులు ప్రైమరీ అని రాసి మార్కులు పోగొట్టుకున్నారు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. కారణం చూడండి. కుక్క కరిచింది, నిజమే. వైరస్ గాయంలో పడి ఉండొచ్చు. కానీ రోగం ఇంకా మొదలు కాలేదు. వైరస్ నరం వెంట మెదడు వైపు నడవడానికి రోజులు, వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ సమయంలో సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు గాయం కడిగి, కండరానికి వేసే పద్ధతిలో సున్నా, మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిదో రోజుల్లో టీకా వేస్తే, వైరస్ మెదడు చేరకముందే ఒంట్లో రక్షణ తయారవుతుంది. తోలు చీరి రక్తం వస్తే గాయంలోకి రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, ఎందుకంటే టీకా రక్షణ ఇవ్వడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోపు ఆ సీరం కాపలా కాస్తుంది. ఇదంతా రోగం మొదలవకముందు చేసే ప్రత్యేక రక్షణే. వైరస్ ఒంట్లోకి వచ్చినంతమాత్రాన రోగం వచ్చినట్టు కాదు. అందుకే రోగ లక్షణాలు మొదలయ్యాక అదే టీకా వేసినా పని చేయదు.

హెపటైటిస్ బి ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు ఇరవై నాలుగు గంటల్లోపు వేసే టీకా కూడా అంతే. బిడ్డకి వైరస్ తగిలి ఉండొచ్చు, రోగం నిలదొక్కుకోకముందు అడ్డుపడుతున్నాం. ప్రైమరీ.

రిహాబిలిటేషన్ గురించి మాట్లాడేముందు ఇంకో తికమక తీసేయాలి. పీహెచ్‌సీని ప్రైమరీ కేర్ అంటాం, జిల్లా ఆసుపత్రిని సెకండరీ, మెడికల్ కాలేజీ ఆసుపత్రిని టెర్షియరీ కేర్ అంటాం. అవి ఆసుపత్రి మెట్లు. నివారణ స్థాయిలకు వాటితో సంబంధం లేదు. మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో పసిబిడ్డకు బీసీజీ వేస్తే అది టెర్షియరీ నివారణ కాదు, ప్రైమరీయే. అచ్చంపేట దగ్గర తండాలో పక్షవాతం వచ్చిన పెద్దాయనకు చేతిని ఎలా కదిలించాలో ఆశా చూపిస్తే అది పూరి గుడిసెలో జరిగినా టెర్షియరీ నివారణే.

అవ్వ దగ్గరికి వద్దాం. ఆమె నీళ్లు మార్చడం వైకల్యం పెరగకుండా ఆపడం అన్నాను. పునరావాసం అంటే ఆ తర్వాతి సగం, ఉన్న ఒంటితో రోజు గడిచేలా చేయడం. ఆమె మంచం చాలా కిందికి ఉండేది, లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. కొడుకు మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టాడు. మరుగుదొడ్డి గోడకి ఇనుప పైపు బిగించాడు, పట్టుకుని కూర్చోవడానికి. ఊతకర్ర పొడవు ఆమె వంగిన ఎత్తుకి సరిపోయేలా కోయించాం, ఎందుకంటే బజార్లో కొన్నది ఆమె భుజం దాకా వచ్చి పట్టు దొరకలేదు. పింఛను కాగితాలు పెట్టించాం. వైద్య, సామాజిక, మానసిక, వృత్తిపరమైన పునరావాసం అని మీరు నాలుగు రకాలు చదువుతారు. ఆ ఇంట్లో ఇటుకలు, పైపు, కర్ర, పింఛను. ఆమె మనవరాలి చేతి సాయంతో అరుగు దాకా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. అంతకుముందు రెండేళ్లు ఆమె వాకిలి చూడలేదట.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, ఐరన్ మాత్ర ఏ స్థాయి?)

ఎవరికి ఇస్తున్నావమ్మా? నాలుగో నెల నిండిన గర్భిణికి హిమోగ్లోబిన్ 11.5 ఉంది. ఆమెకు రోజుకో ఎర్ర మాత్ర ఇస్తే రక్తహీనత రాకుండా ఆపుతున్నావు, ప్రైమరీ. పక్కింటి గర్భిణికి 9 ఉంది. 11 కంటే తక్కువ కాబట్టి రక్తహీనత ఉంది. ఆమెకు అదే మాత్ర రోజుకి రెండు ఇస్తున్నావు. అది చికిత్స, సెకండరీ. ఇద్దరి సంచుల్లోనూ ఒకే మాత్ర ఉంటుంది, ఎన్ని వేసుకోమన్నావన్నదే తేడా. ప్రశ్నలో హిమోగ్లోబిన్ అంకె ఇస్తే ఊరికే ఇవ్వరు, దాన్ని చదవండి.

(మరో విద్యార్థిని: తండ్రికి మెడ వ్యాయామాలు నేర్పితే అది ఏదవుతుంది?)

బాగా అడిగావు. ఇక్కడ పుస్తకం గీసినంత స్పష్టంగా గీత ఉండదు. అతని మెడ కొంత బిగుసుకుంది, అంటే కొంత నష్టం జరిగింది. కానీ అతను ఇంకా పని చేస్తున్నాడు, రోగం మొదటి దశలోనే పట్టుకున్నాం. నేనైతే మొత్తం చికిత్సలో భాగంగా సెకండరీ అంటాను. ఐదేళ్ల తర్వాత మెడ పూర్తిగా తిరగకపోతే, అవే వ్యాయామాలు టెర్షియరీ అవుతాయి. ఇలాంటి ప్రశ్న పరీక్షలో వస్తే "తొలిదశ" అనే మాట ఉందా, "వైకల్యం" అనే మాట ఉందా చూసి రాయండి.

(వెనక వరసలోని విద్యార్థిని: తొమ్మిదేళ్ల అమ్మాయి సంగతి చెప్పలేదు మేడమ్.)

మర్చిపోలేదమ్మా. ఆమె పై ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. నవ్వినప్పుడల్లా అరచేయి నోటికి అడ్డం పెట్టేది. వాళ్లమ్మ రోజూ ఉప్పుతో, బొగ్గుతో తోమించేది, చిగుళ్ల నుంచి రక్తం వచ్చేదాకా. ఆ చార పంటి మీద అంటిన మురికి కాదు, పింగాణీ లోపలే ఉంటుంది. ఎంత తోమినా పోదు, పన్ను అరుగుతుంది. ఆ పళ్ల మేరకు మంచినీళ్లు ఆమెకు ఏమీ చేయలేవు. ఆమె ఎముకలకు మాత్రం ఇప్పటికీ మంచినీళ్లు ప్రైమరీయే, ఎందుకంటే ఎముకలో రోగం ఇంకా మొదలు కాలేదు. చూశావా, ఒకే పిల్ల, ఒకే నీళ్లు, పంటికి ఒక జవాబు, వెన్నుకి ఒక జవాబు.

పళ్లకి మిగిలింది పునరావాసమే. ముందు పళ్లు పూర్తిగా వచ్చాక దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. చారలు పైపైనే ఉంటే కొంచెం అరగదీసి, బ్లీచ్ చేస్తారు. లోతుగా ఉంటే పంటి రంగు పూత వేస్తారు. ఆమెకు పూత వేశారు. అది పన్నును బాగు చేయలేదు, కప్పింది. ఆ పూత కొన్నేళ్లకు ఊడితే మళ్లీ వేయించుకోవాలి. దాని స్థాయి ఏమిటని అడిగితే టెర్షియరీ అని రాయండి, అందులోనూ మానసిక, సామాజిక పునరావాసం. పూత వేయించుకున్న వారం తర్వాత నేను వెళ్లినప్పుడు ఆ అమ్మాయి వాకిట్లో తొక్కుడు బిళ్ల ఆడుతోంది. గెలిచి నవ్వింది, రెండు చేతులూ గౌనుకి ఉన్న జేబుల్లోనే ఉన్నాయి.